సర్టిఫికెట్ మీద 'పాస్' అని ఉంది, అయినా ఈ గేజ్‌ని బెంచ్ మీదకి పంపాలా వద్దా?

కొత్తక్యూసీ
క్యాలిబ్రేషన్‌కి పంపిన ప్రెజర్ గేజ్ నిన్న తిరిగొచ్చింది. నేను ఈ సీట్లోకి వచ్చి రెండు నెలలే అయింది. నాకు ముందున్నాయన సర్టిఫికెట్ రాగానే చివరి పేజీ చూసి సంతకం పెట్టి ఫైల్లో పెట్టేసేవారట. నాకెందుకో మొదటి నుంచి చదవాలనిపించింది. చదివాక టెన్షన్ మొదలైంది.

గేజ్ 0 నుంచి 10 బార్, క్లాస్ 1.0, డయల్ మీద ఒక్కో గీత 0.1 బార్. లీక్ టెస్ట్ బెంచ్ మీద 6 బార్ దగ్గర మాత్రమే వాడతాం. డ్రాయింగ్ ప్రకారం టెస్ట్ పీడనం 6.0, అటూ ఇటూ 0.2 వరకు ఒప్పుకుంటారు.

సర్టిఫికెట్‌లో ట్రేసబిలిటీ గురించి ఉన్నది ఒకే వాక్యం: "వాడిన ప్రమాణాలు జాతీయ ప్రమాణాలకు ట్రేసబుల్". మాస్టర్ గేజ్ నంబర్, దాని గడువు తేదీ ఇచ్చారు. ఆ గడువు ఈ నెల 4. మా గేజ్‌ని క్యాలిబ్రేట్ చేసింది 11న! అన్‌సర్టెనిటీ అన్న చోట "±0.5%" అని ఉంది, అంతే, ముందూ వెనకా ఏమీ లేదు. రీడింగుల పట్టికలో 6 బార్ దగ్గర ఎర్రర్ +0.04, 8 దగ్గర +0.06. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "అవసరమైన సర్దుబాటు తర్వాత రీడింగులు తీసుకోబడినవి". ఆ పక్కనే పెద్ద అక్షరాల్లో "పాస్".

క్లాస్ 1.0 కాబట్టి ±0.10 బార్ వరకు ఓకే. 0.04 దాని లోపలే ఉంది. ప్రొడక్షన్ వాళ్లు పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. ఇచ్చేయొచ్చా?

నాలుగోషిఫ్ట్
ఇచ్చేయండి. పాస్ అని రాసి మరీ ఇచ్చారుగా. ల్యాబ్ వాళ్లకంటే మనకెక్కువ తెలుసా?

స్క్రూగేజి
అసలు ఇందులో తర్వాతి క్యాలిబ్రేషన్ ఎప్పుడో రాశారా? అది లేకపోతే నేనైతే మొహం మీదే తిప్పి పంపుతా.

ల్యాబ్‌మనిషి
స్క్రూగేజి గారూ, అది రాయకపోవడమే సరైన పద్ధతి. మళ్లీ ఎప్పుడు చేయించాలన్నది వాడుకునేవాళ్లు తేల్చుకోవాలి. మీరు అడిగి ఒప్పందంలో పెడితే తప్ప ల్యాబ్ దాన్ని సర్టిఫికెట్ మీదా, స్టికర్ మీదా రాయకూడదని ల్యాబ్‌ల ప్రమాణం ISO/IEC 17025 లోనే ఉంది. తిప్పి పంపాల్సిన సర్టిఫికెట్లు వేరే ఉన్నాయి. కొత్తక్యూసీ గారి దగ్గర ఉన్నది వాటిలో ఒకటి.

కొత్తక్యూసీ గారూ, సంతకం పెట్టకండి. ముందు ఒక్క విషయం చెప్పండి, మొదటి పేజీ మీద అక్రిడిటేషన్ లోగో ఉందా?

కొత్తక్యూసీ
లేదు. పోయినేడాది ఇదే ల్యాబ్ ఇచ్చిన దాని మీద ఉంది. ఇప్పుడు మీరడిగాకే గమనించాను.

ముల్లుసూది
లోగో సంగతి తర్వాత. గడువు దాటిన మాస్టర్‌తో క్యాలిబ్రేట్ చేస్తే చైన్ తెగిపోయినట్టే. ట్రేసబిలిటీ సున్నా. మొత్తం సర్టిఫికెట్ చెల్లదు, చర్చ అనవసరం.

ల్యాబ్‌మనిషి
సగం ఒప్పుకుంటాను. గడువు దాటిన మర్నాడే మాస్టర్ పాడైపోదు. ఆ తేదీ ల్యాబ్ తనకు తాను పెట్టుకున్న నియమం. దాన్ని దాటితే వాళ్ల పద్ధతి తప్పినట్టే, జవాబు చెప్పాల్సిందే. కానీ ఆ మాస్టర్‌ని తర్వాత క్యాలిబ్రేట్ చేసినప్పుడు ఏమీ మారలేదని తేలితే, 11న తీసిన కొలతలు నిలబడతాయి. తేలే దాకా మాత్రం మనం ఒప్పుకోకూడదు. కాబట్టి "చెల్లదు" అనను, "ఇంకా నిరూపణ కాలేదు" అంటాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఆ ఒంటి వాక్యం. "జాతీయ ప్రమాణాలకు ట్రేసబుల్" అని ఎవరైనా టైపు చేయొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. ట్రేసబిలిటీ అనేది వస్తువుకి అంటించే బిరుదు కాదు, కొలత ఫలితానికి ఉండే లక్షణం. ఈ గేజ్‌ని ఏ మాస్టర్‌తో పోల్చారు, ఆ మాస్టర్‌కి సర్టిఫికెట్ ఎవరిచ్చారు, ఆ ఇచ్చినవాళ్ల సమర్థతని ఎవరు పరీక్షించారు అని మెట్టు మెట్టు ఎక్కి పోవాలి. ఒక్కో మెట్టు దగ్గర ఎంత అన్‌సర్టెనిటీ చేరిందో కూడా తెలియాలి. లోగో ఉండి, ఈ రేంజ్ వాళ్ల స్కోప్‌లో ఉంటే ఆ మెట్లన్నీ మన బదులు అక్రిడిటేషన్ సంస్థ చూసిందని అర్థం. లోగో లేకపోతే ఆ పని మన నెత్తినే పడుతుంది.

పాదరసం
లోగో ఉన్నా స్కోప్ చూసుకోవాలి. మాకు ఒకసారి లోగో ఉన్న సర్టిఫికెట్టే వచ్చింది, కానీ రెండు పాయింట్ల పక్కన నక్షత్రం గుర్తు. అడుగున చూస్తే "నక్షత్రం గుర్తున్నవి అక్రిడిటేషన్ పరిధిలోకి రావు". మేం వాడేది ఆ రెండు పాయింట్లలోనే.

నాలుగోషిఫ్ట్
బీమా కాగితాల్లో కూడా అసలు సంగతంతా నక్షత్రం దగ్గరే ఉంటుంది 😄

కొత్తక్యూసీ
ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మాస్టర్‌ని గడువు లోపలే క్యాలిబ్రేట్ చేయించారట, సర్టిఫికెట్ టెంప్లేట్‌లో పాత తేదీ మార్చడం మర్చిపోయారట. లోగో గురించి అడిగితే "మీ ఆర్డర్‌లో అక్రిడిటెడ్ క్యాలిబ్రేషన్ అని రాయలేదు, అందుకే మామూలు ఫార్మాట్‌లో ఇచ్చాం, పని చేసింది మాత్రం అదే పద్ధతిలో" అన్నారు. మా ఆర్డర్ తీసి చూశా. నిజమే, "గేజ్ క్యాలిబ్రేషన్, 1 నం." అని మాత్రమే ఉంది. పోయినేడాది ఆర్డర్‌లో మొత్తం రాశారు. అంటే ఈసారి తప్పు మా వైపు నుంచి కూడా ఉంది.

ల్యాబ్‌మనిషి
చాలా చోట్ల జరిగేదే ఇది. మాస్టర్ కొత్త సర్టిఫికెట్ కాపీ అడగండి. నిజంగా అదే పద్ధతిలో, స్కోప్‌లో ఉన్న రేంజ్‌లోనే చేసి ఉంటే లోగోతో తిరిగి ఇమ్మనండి. లోగో వేశారంటే దానికి వాళ్లదే బాధ్యత. వేయడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో మాట. సరిచేసిన పీడీఎఫ్‌ని అదే సర్టిఫికెట్ నంబర్‌తో మెయిల్ చేస్తే తీసుకోకండి. సవరించిన దానికి వేరే గుర్తింపు ఉండాలి, ఏ సర్టిఫికెట్‌కి బదులుగా ఇచ్చారో, ఏం మార్చారో అందులోనే కనపడాలి. లేకపోతే రేపు ఒకే నంబర్‌తో రెండు కాగితాలు ఉంటాయి, ఏది నిజమో మీరూ చెప్పలేరు.

తూనికరాయి
ఇంతకీ ఆ ±0.5% గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? దేంట్లో 0.5 శాతం?

స్క్రూగేజి
రీడింగ్‌లో శాతమే అయ్యుంటుంది. 6 బార్‌లో 0.5% అంటే 0.03. ఎర్రర్ 0.04తో కలిపితే 0.07. పరిమితి 0.10. హాయిగా పాస్.

తూనికరాయి
ఫుల్ స్కేల్‌లో శాతం అయితే 0.05. కలిపితే 0.09. పాసే గానీ హాయిగా కాదు, అంచు మీద. పైగా `k` ఎంతో, అంటే లెక్కలో వచ్చిన ప్రామాణిక అన్‌సర్టెనిటీని ఎన్ని రెట్లు చేసి చెప్పారో రాయలేదు. ఆ 0.05 గనక `k = 1` దగ్గర చెప్పిందైతే, మామూలుగా అందరూ చెప్పే `k = 2` కి వచ్చేసరికి 0.10 అవుతుంది. 0.04 + 0.10 = 0.14. అప్పుడిక పాస్ అని ఎలా అంటాం? ఒకే కాగితం, ఒకే అంకె, మనం చదువుకున్న తీరుని బట్టి ఫలితం మారిపోతోంది.

ముల్లుసూది
అక్రిడిటెడ్ ల్యాబ్ ఎప్పుడూ `k = 2` నే ఇస్తుంది. రాయకపోయినా అదే అనుకోవాలి.

తూనికరాయి
"అనుకోవాలి" అన్న పదానికి ఆడిటర్ దగ్గర విలువ లేదండీ. పైగా ఈ కాగితం మీద లోగోనే లేదు కదా.

ల్యాబ్‌మనిషి
స్క్రూగేజి గారు చెప్పిన 'రీడింగ్‌లో శాతం' అన్నది ఈ గేజ్‌కి కుదరదు. ల్యాబ్‌ని అడక్కుండానే తేల్చొచ్చు. డయల్ గీత 0.1 బార్. మంచి కన్ను ఉన్నవాళ్లు ఒక గీతని ఐదు భాగాలుగా ఊహించి 0.02 వరకు చదువుతారు. అంటే చదవడంలోనే అటూ ఇటూ 0.01 ఊగిసలాట ఉంటుంది. దాన్ని √3 తో భాగించి `k = 2` కి తెస్తే సుమారు 0.012 బార్ వస్తుంది. ఇది కేవలం ముల్లు చదవడం వల్ల వచ్చేది, ఇంకా మాస్టర్ వాటా కలపనే లేదు.

రీడింగ్‌లో 0.5 శాతం అని పట్టుకుంటే 1 బార్ దగ్గర అన్‌సర్టెనిటీ 0.005 బార్ అవ్వాలి. ముల్లు చదవడమే 0.012 అయినప్పుడు మొత్తం 0.005 ఎలా అవుతుంది? అసాధ్యం. కాబట్టి ఫుల్ స్కేల్‌లో శాతమే అయ్యుండాలి, లేదా ఆ 0.5 లెక్క కట్టి రాసింది కాక మాస్టర్ గేజ్ కేటలాగ్‌లోంచి ఎత్తి రాసింది అయ్యుండాలి. రెండోది నేను చాలాసార్లు చూశాను. మాస్టర్ యాక్యురసీ వేరు, మీ గేజ్ క్యాలిబ్రేషన్‌లో వచ్చిన అన్‌సర్టెనిటీ వేరు. మొదటిది రెండోదాంట్లో ఒక భాగం మాత్రమే.

అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది: "ఈ 0.5% బార్‌లలో ఎంత, `k` ఎంత, ఎంత శాతం నమ్మకంతో?" సరిగ్గా లెక్క కట్టిన ల్యాబ్ అయితే అర్ధగంటలో జవాబిస్తుంది.

స్క్రూగేజి
ఇది నాకు తట్టలేదు. నా 0.07 వెనక్కి తీసుకుంటున్నా.

నాలుగోషిఫ్ట్
మా దగ్గరైతే స్టికర్ పచ్చగా ఉంటే పాస్, ఎర్రగా ఉంటే ఫెయిల్. స్టికర్ ఊడిపోతే ఇంకా మంచిది, ఎవరూ అడగరు.

పాదరసం
మీ కంపెనీ ఏం తయారుచేస్తుందో మాత్రం చెప్పకండి, నేను వాడుతున్నానేమో అని భయంగా ఉంది.

కొత్తక్యూసీ
జవాబొచ్చింది. అర్ధగంటలో కాదు, నాలుగు గంటల్లో. ఫుల్ స్కేల్‌లో 0.5 శాతమే, అంటే 0.05 బార్, `k = 2`, సుమారు 95% నమ్మకంతో. మాస్టర్ కొత్త సర్టిఫికెట్ కాపీ పంపారు, దాని మీద లోగో ఉంది, తేదీ పోయిన నెలది. మన గేజ్ సర్టిఫికెట్‌ని కూడా సవరించి, కొత్త నంబర్‌తో, లోగోతో ఇస్తామన్నారు.

అంటే 6 దగ్గర 0.04 + 0.05 = 0.09. పరిమితి లోపలే. ఇప్పుడు ఇచ్చేయొచ్చు కదా?

తూనికరాయి
8 బార్ దగ్గర లెక్క కట్టారా? 0.06 + 0.05 = 0.11.

కొత్తక్యూసీ
అయ్యో. కానీ ఎర్రర్ 0.06 మాత్రమే కదా, పాస్ అనే రాశారు.

ల్యాబ్‌మనిషి
పాస్ అనడానికి ఏ నియమం పాటించారన్నదే ఇక్కడ ప్రశ్న. ఎర్రర్ ఒక్కటే చూసి, పరిమితి లోపల ఉంటే పాస్ అనడం ఒక పద్ధతి. ఎర్రర్‌కి అన్‌సర్టెనిటీ కూడా కలిపి, అప్పటికీ లోపల ఉంటేనే పాస్ అనడం ఇంకో పద్ధతి. మొదటి పద్ధతిలో 8 బార్ పాస్, రెండో పద్ధతిలో తేలదు. ఏది వాడినా తప్పు కాదు గానీ, ఏది వాడారో సర్టిఫికెట్‌లో చెప్పాలి. నిజానికి పని మొదలుపెట్టే ముందే మీతో మాట్లాడుకోవాలి. సవరించిన దాంట్లో ఆ వాక్యం కూడా అడగండి.

మీరు వాడేది 6 దగ్గరే కాబట్టి ఈ గేజ్ పనికొస్తుంది. నేనైతే స్టికర్ మీద "6 బార్ వరకు మాత్రమే" అని రాసి తీసుకుంటా. రేపు ఇంకెవరో దీన్ని ఊడదీసి 8 బార్ లైనుకి బిగిస్తే మాత్రం ఈ చర్చ అక్కడ ఎవరికీ గుర్తుండదు.

ముల్లుసూది
అదంతా సరే, అసలైన బాంబు ఇంకా పేలలేదు. "సర్దుబాటు తర్వాత" అన్నారు. సర్దుబాటు ఎందుకు అవసరమైంది? సర్దక ముందు ఎంత చూపించింది?

ల్యాబ్‌మనిషి
ముల్లుసూది గారు ఈసారి సరిగ్గా పట్టుకున్నారు. సర్టిఫికెట్‌లో ఉన్న రీడింగులన్నీ ఇకముందు గేజ్ ఎలా ఉంటుందో చెప్తాయి. ఏడాది పాటు మీ బెంచ్ మీద ఎలా ఉందో చెప్పేది యాజ్ ఫౌండ్ రీడింగ్ ఒక్కటే. సర్దుబాటుకి ముందూ తర్వాతా తీసిన ఫలితాలు ఉంటే రెండూ ఇవ్వాలి. చాలా ల్యాబ్‌లు నోట్‌బుక్‌లో రాసుకుంటాయి, సర్టిఫికెట్‌లో పెట్టవు. అడగండి. అసలు తీయకుండానే సర్దేశామంటే మాత్రం కష్టం, ఆ సమాచారం ఇక ఎప్పటికీ రాదు.

కొత్తక్యూసీ
నోట్‌బుక్‌లో ఉన్నాయట, ఫొటో తీసి పంపారు. ఇవి సర్దక ముందు ఎర్రర్లు:

0 దగ్గర +0.14
2 దగ్గర +0.15
4 దగ్గర +0.17
6 దగ్గర +0.18
8 దగ్గర +0.19

6 దగ్గర పరిమితి 0.10, ఇది 0.18. అంటే అవుట్ ఆఫ్ టాలరెన్స్. కానీ గేజ్ ఎక్కువ చూపించింది కాబట్టి మనం సేఫ్ సైడే కదా? ఎక్కువ పీడనంతోనే టెస్ట్ చేసినట్టు.

తూనికరాయి
తిరగేసి చదివారు. గేజ్ ఎక్కువ చూపించిందంటే అసలు పీడనం తక్కువ. మీ ఆపరేటర్ ముల్లుని 6.0 దగ్గర పెట్టాడు, లోపల ఉన్నది సుమారు 5.82. తక్కువ పీడనంతో లీక్ టెస్ట్ చేస్తే కొన్ని లీకులు దొరకవు. ఇది అన్‌సేఫ్ సైడ్.

కొత్తక్యూసీ
😰

పాదరసం
నా అనుభవం చెప్తాను, భయపెట్టడానికి కాదు. మా టార్క్ రెంచ్ ఒకటి ఇలాగే యాజ్ ఫౌండ్‌లో తక్కువ బిగిస్తున్నట్టు తేలింది. దానికి ముందు క్యాలిబ్రేషన్ 11 నెలల క్రితం. మధ్యలో చెక్ చేసిన దాఖలా ఒక్కటీ లేదు. ఎప్పటి నుంచి తప్పో చెప్పలేక 11 నెలల సరుకూ అనుమానంలో పడింది. ఆ తర్వాత నెలనెలా చెక్ పెట్టాం. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

నాలుగోషిఫ్ట్
5.82 కదా, డ్రాయింగ్‌లో కింద హద్దు 5.8. లోపలే ఉంది. ఎందుకీ గొడవ?

తూనికరాయి
0.02 బార్ లోపల ఉంది. అన్‌సర్టెనిటీ 0.05. ఆ 5.82 నిజానికి 5.77 నుంచి 5.87 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ల్యాబ్ లెక్క ఒక్కటే చూసినా హద్దు కింద పడే అవకాశం సుమారు ఐదింట ఒకటి. దీనికి మీ ఆపరేటర్ ముల్లుని సరిగ్గా 6.0 మీదే పెడతాడన్న నమ్మకం కలపండి. నేనైతే లోపల ఉంది అనను.

ల్యాబ్‌మనిషి
కొత్తక్యూసీ గారూ, ఆ ఐదు అంకెల్ని కాసేపు చూడండి. 0.14, 0.15, 0.17, 0.18, 0.19. పీడనం పెరిగినా ఎర్రర్ పెద్దగా పెరగలేదు, ఎక్కువ భాగం అన్నిచోట్లా ఒకేలా ఉంది. లోపలి గొట్టం అలిసిపోతేనో, లింకేజీ అరిగితేనో సాధారణంగా సున్నా దగ్గర కొంచెమే ఉండి పైకి పోయేకొద్దీ ఎర్రర్ పెరుగుతుంది. అన్నిచోట్లా ఒకే మోస్తరు జరిగిందంటే ముల్లు ఇరుసు మీద కాస్త జారి ఉండొచ్చు. గేజ్‌కి దెబ్బ తగిలినా, లైన్లో వాల్వ్ ఒక్కసారిగా తెరిచినా అలా అవుతుంది. అది ఏడాది పొడవునా మెల్లగా జరిగేది కాదు. ఒక రోజు, ఒక క్షణంలో జరిగేది. ఆ రోజు దొరికితే దానికి ముందున్న సరుకంతా బయటపడుతుంది.

రెండో సంగతి. పీడనం లేనప్పుడు కూడా ముల్లు సున్నాకి 0.14 పైన ఆగి ఉండాలి. అంటే దాదాపు గీతన్నర. కంటికి కనపడే తేడా. మీవాళ్లు సున్నా చూస్తారా?

కొత్తక్యూసీ
లాగ్‌బుక్‌లో షిఫ్ట్ మొదట్లో "సున్నా చూశారా" అని ఒక గడి ఉంది. గేజ్ పంపిన రోజు దాకా అన్ని గళ్లలోనూ టిక్ ఉంది. అన్ని టిక్కులూ ఒకే పెన్ను, ఒకే వాలు. 🙂

స్క్రూగేజి
నెలాఖరున ఒకేసారి కొట్టే టిక్కులు. మాకూ ఆ కళాకారులు ఉన్నారు.

ముల్లుసూది
ఇక అంతే. రుజువు లేదు కాబట్టి గత క్యాలిబ్రేషన్ నుంచి మొత్తం సరుకు అనుమానాస్పదమే. నియమం అదే.

ల్యాబ్‌మనిషి
అంత తొందరెందుకు. లాగ్‌బుక్‌లో ఇంకేం రాస్తారు? ఆ లైను మీద ఇంకో గేజ్ ఏదైనా ఉందా, ఎంత నాసిరకమైనా సరే?

కొత్తక్యూసీ
రెగ్యులేటర్ మీద చిన్న గేజ్ ఒకటి ఉంది. క్లాస్ 2.5, అదీ 0 నుంచి 10. క్యాలిబ్రేషన్ జాబితాలో లేదు, "సూచన కోసం మాత్రమే" అని అంటించారు. దాని రీడింగ్ మాత్రం రోజూ రాస్తారు, ఎందుకో ఎవరికీ తెలీదు.

ముల్లుసూది
క్లాస్ 2.5 అంటే 0.25 బార్ దాకా తప్పు చూపించొచ్చు. మనం వెతికేది 0.18. అలాంటి గేజ్‌ని సాక్ష్యంగా పట్టుకుంటే ఆడిటర్ నవ్వుతాడు.

ల్యాబ్‌మనిషి
దాని నిజాయితీ మనకొద్దు, దాని అలవాటు చాలు. అది ఎప్పుడూ 0.2 ఎక్కువే చూపించనివ్వండి, రోజూ అదే 0.2 చూపిస్తే సరిపోతుంది. ఆపరేటర్ టెస్ట్ గేజ్‌ని 6.0 కి పెడతాడు. టెస్ట్ గేజ్ ముల్లు జారిన రోజు నుంచి అసలు పీడనం 0.15 దాకా తగ్గింది, కాబట్టి రెగ్యులేటర్ గేజ్ రీడింగ్ కూడా అంత పడిపోవాలి. ఆ మెట్టు లాగ్‌బుక్‌లో కనపడుతుందేమో చూడండి.

కొత్తక్యూసీ
ఏడాది పేజీలన్నీ కూర్చుని తిరగేశాను. కళ్లు మండుతున్నాయి.

పోయినేడాది క్యాలిబ్రేషన్ తర్వాత నుంచీ రెగ్యులేటర్ గేజ్ 6.2, అప్పుడప్పుడు 6.1. తర్వాత ఒక సోమవారం నుంచి అన్నీ 6.0, మధ్యలో ఒకటి రెండు 6.1. మళ్లీ ఎక్కడా 6.2 లేదు. గేజ్‌ని ల్యాబ్‌కి పంపిన రోజుకి సరిగ్గా ఆరు వారాల ముందు అది. మెయింటెనెన్స్ రిజిస్టర్ చూస్తే ఆ ముందు శనివారం "లీక్ బెంచ్ ఇన్‌లెట్ వాల్వ్ మార్పు" అని ఉంది!!

స్క్రూగేజి
పట్టేశారు! రెంచి జారి గేజ్‌కి తగిలి ఉంటుంది.

పాదరసం
ఎందుకు రాస్తున్నారో తెలియకుండా ఏడాది పాటు రాసిన ఆ ఆపరేటర్‌కి నా తరఫున ఒక టీ.

ముల్లుసూది
ఒప్పుకోను. ఆ రోజు వాల్వ్‌తో పాటు రెగ్యులేటర్‌ని కూడా కదిపి ఉంటే? మారింది టెస్ట్ గేజ్ కాక రెగ్యులేటర్ గేజే అయితే? కొత్త వాల్వ్ దగ్గర పీడనం పడిపోయే తీరు మారి ఉంటే? మీ ఆరు వారాల కథంతా కూలిపోతుంది.

ల్యాబ్‌మనిషి
న్యాయమైన ప్రశ్నే. దీనికి చిన్న పరీక్ష ఉంది. సరిచేసిన గేజ్‌ని బెంచ్ మీద బిగించి, గాలి నిలకడగా ఉన్నప్పుడు 6.0 కి పెట్టి, రెగ్యులేటర్ గేజ్ ఎంత చూపిస్తోందో చూడండి. మళ్లీ 6.2 కి వచ్చిందంటే మారింది టెస్ట్ గేజే. 6.0 దగ్గరే ఉండిపోతే ముల్లుసూది గారిది నిజం, మెట్టుకి కారణం ఇంకేదో.

తూనికరాయి
ఒక్కసారి కాదు, పది సార్లు పెట్టి చూడండి. ఇద్దరు ఆపరేటర్లతో. 0.1 గీతల గేజ్ మీద 0.15 తేడా వెతుకుతున్నాం కదా.

కొత్తక్యూసీ
ఇవాళ సవరించిన సర్టిఫికెట్ వచ్చింది. కొత్త నంబర్, ఏ సర్టిఫికెట్‌కి బదులో, లోగో, అన్‌సర్టెనిటీ బార్‌లలో `k` తో సహా, సర్దక ముందు రీడింగులు వేరే కాలమ్‌లో, పాస్ అనడానికి ఎర్రర్ మాత్రమే చూశామన్న వాక్యం. అన్నీ ఉన్నాయి. "6 బార్ వరకు మాత్రమే" స్టికర్ అంటించి సంతకం పెట్టాను.

బెంచ్ మీద ఇద్దరితో పది పది సార్లు పెట్టించాను. ఒకతనికి తొమ్మిది సార్లు 6.2, ఒకసారి 6.1. రెండో అతనికి ఏడు సార్లు 6.2, మూడు సార్లు 6.1.

ల్యాబ్‌మనిషి
అయితే ఆ సోమవారమే. సంబంధించిన పేజీల కాపీలు, ఈ ఇరవై రీడింగులు, రిజిస్టర్‌లో ఆ శనివారం ఎంట్రీ, అన్నీ ఒకే రిపోర్ట్‌లో పెట్టి ఆరు వారాల సరుకు నంబర్లు విడిగా రాయండి.

ముల్లుసూది
ఏడాది నుంచి ఆరు వారాలకి వచ్చింది, అది ఒప్పుకుంటా. కానీ ఆ ఆరు వారాల సంగతి? కస్టమర్‌కి చెప్తారా, లోపలే రీటెస్ట్ చేసుకుంటారా?

కొత్తక్యూసీ
స్టోర్‌లో మిగిలిన వాటిని పక్కన పెట్టించాను, రేపు రీటెస్ట్. బయటికి పోయిన వాటి దగ్గరే ఆగింది. మా మేనేజర్ "5.82 హద్దు లోపలే కదా, రాసి ఊరుకో" అంటున్నారు. తూనికరాయి గారి ఐదింట ఒకటి లెక్క చూపించాను. "ఆలోచిద్దాం" అన్నారు.

తూనికరాయి
స్టోర్‌లో ఉన్న వాటిని ఒకసారి 5.8 దగ్గర, ఒకసారి 6.2 దగ్గర టెస్ట్ చేయండి. రెండింట్లోనూ ఒకే జవాబొస్తే మేనేజర్ గారితో మాట్లాడ్డానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏ ఒక్కటైనా 5.8 దగ్గర పాసై 6.2 దగ్గర లీకైతే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. 6.2 పెట్టేటప్పుడు మాత్రం స్టికర్ గుర్తుంచుకోండి, మీరే రాసింది "6 వరకు" అని.

కొత్తక్యూసీ
అవును కదా! ల్యాబ్‌మనిషి గారూ, 6.2 కి వాడొచ్చా మరి?

ల్యాబ్‌మనిషి
6 దగ్గర +0.04, 8 దగ్గర +0.06. మధ్యలో 6.2 దగ్గర 0.042 అనుకున్నా, 0.05 కలిపితే పరిమితి లోపలే. వాడొచ్చు. కానీ స్టికర్ మార్చి, ఆ లెక్క ఫైల్లో పెట్టాకే వాడండి. "ఈ ఒక్కసారికి" అని మొదలుపెడితే మళ్లీ ఆ ఒకే పెన్ను టిక్కుల దగ్గరికే పోతాం.

నాలుగోషిఫ్ట్
మా స్టోర్‌లో స్టికర్ ఊడిపోయిన గేజ్‌లు మూడున్నాయి. ఇవాళే లెక్కపెట్టాను. ఎవరికి చెప్పాలి?